ఆధారం చివర, వ్యాఖ్య కింద

మా కోనసీమలో ఊరి చరిత్ర రాసి, సొంత ఖర్చుతో అచ్చు వేయించుకునేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. రిటైరైన టీచర్లు, ఇరిగేషన్ శాఖలో పనిచేసి వచ్చినవాళ్ళు, తాతల నాటి దస్తావేజులు దాచుకున్నవాళ్ళు. వాళ్ళ రాతప్రతులు దిద్దిపెట్టమని నా దగ్గరకు వస్తుంటాయి. రాత పూర్తయ్యాక దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: నోట్సు పేజీ కింద పెట్టాలా, అన్నీ కలిపి పుస్తకం చివర పెట్టాలా?

దీనికి రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. రాజమండ్రిలో డీటీపీ చేసేవారిని అడిగితే చివర అంటారు. "కింద పెట్టించకండి మాస్టారూ, ఒక్క లైను కదిలిందంటే పేజీలన్నీ మళ్ళీ చెయ్యాలండి" అంటారు. యూనివర్సిటీలో పరిశోధన చేసినవారిని అడిగితే కింద అంటారు. వాళ్ళ థీసిస్ అలా రాశారు కాబట్టి. ఇద్దరూ పుస్తకం మొత్తాన్ని ఒకే గాటన కట్టేస్తున్నారు. నా వాదన ఏమిటంటే, ఎక్కడ పెట్టాలన్నది ఒక్కో నోటును చూసి తేల్చుకోవాలి. "ఈ మాట నాకు ఎక్కడ దొరికింది" అని చెప్పే నోటు ఆధారం. "ఈ మాటను ఎలా అర్థం చేసుకోవాలి" అని చెప్పే నోటు వ్యాఖ్య. మామూలు పాఠకుల కోసం రాసే చరిత్ర పుస్తకంలో ఆధారాలు చివరకు పోవాలి, వ్యాఖ్యలు అదే పేజీ కింద ఉండాలి.

ఈ గొడవ ఇప్పటిది కాదు. ఇంగ్లిష్ చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్ రోమన్ సామ్రాజ్య పతనం మీద రాసిన చరిత్ర మొదటి సంపుటం 1776లో లండన్‌లో వచ్చింది. అందులో నోట్సన్నీ సంపుటం చివర ఉండేవి. స్కాట్లండ్ తత్వవేత్త, చరిత్రకారుడు డేవిడ్ హ్యూమ్ అది చదివి మెచ్చుకున్నాడు. కానీ ఆ ఏప్రిల్‌లోనే ప్రచురణకర్త స్ట్రాహన్‌కు రాసిన ఉత్తరంలో నోట్స్ గురించి విసుక్కున్నాడు. నంబరు కనిపించింది కదా అని చివరికి తిప్పితే, చాలాసార్లు అక్కడ ఏదో గ్రంథం పేరు తప్ప మరేమీ ఉండటం లేదన్నది ఆయన ఫిర్యాదు. అలాంటి ఆధారాలను పేజీ అంచునో అడుగునో వేయమన్నాడు. 1777లో వచ్చిన మూడో ముద్రణ నాటికి నోట్స్ పేజీ కిందకి దిగాయి. గిబ్బన్ మాత్రం తర్వాత తన జీవితకథలో, జనం ఒత్తిడికి లొంగి ఆ పని చేశానని, ఆ తర్వాత చాలాసార్లు బాధపడ్డానని రాసుకున్నాడు.

హ్యూమ్ ఉత్తరాన్ని ఎండ్‌నోట్ల మీద, అంటే పుస్తకం చివర పెట్టే నోట్ల మీద, తీర్పుగా చాలామంది చెబుతారు. నాకు అలా అనిపించదు. ఆయనకు కోపం తెప్పించింది పేజీ తిప్పడం కాదు, ఊరికే తిప్పడం. తిప్పాక చదవదగ్గ సంగతి దొరుకుతుందో, ఉత్త గ్రంథం పేరు దొరుకుతుందో ముందుగా తెలిసే దారి ఆయనకు లేదు. రెండు రకాల నోట్లకూ ఒకే వరస నంబర్లు వేసినందువల్ల వచ్చిన చిక్కు అది. ఆధారాలకు అంకెలు, వ్యాఖ్యలకు నక్షత్రం గుర్తు వాడితే ఆ చిక్కు విడిపోతుంది. అంకె కనిపిస్తే పాఠకుడు ఆగనక్కర్లేదు, సరిచూసుకోవాలనుకున్న రోజున చివరికి వెళ్తాడు. నక్షత్రం కనిపిస్తే చూపు కిందకి దించితే చాలు. ఏవి కింద ఉండాలన్న విషయంలో హ్యూమ్‌తో నాకు పేచీ ఉంది. ఆయన ఆధారాలను కిందకి దించమన్నాడు. ఆయన, ఆయన స్నేహితులు ప్రతి ఆధారాన్నీ గుర్తుపట్టగల పండితులు. మా లంక గ్రామాల్లో ఈ పుస్తకాలు చదివేవాళ్ళకు పేజీ అడుగున గెజెటీర్ పేరు, పేజీ నంబరు వల్ల ఒరిగేది తక్కువ. మూలపాఠంలో ఉన్న సంఖ్యను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే రెండు వాక్యాలు వాళ్ళకు చాలా అవసరం.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. కాకినాడ దగ్గరి పాత రేవు కోరంగి గురించి రాసే ప్రతి పుస్తకంలోనూ ఇలాంటి పేరా ఒకటి వస్తుంది:

"1839 నవంబరు 25న వచ్చిన తుపానులో ఉప్పెన కోరంగిని ముంచేసింది. 3 లక్షల మంది చనిపోయారు. 20 వేల ఓడలు, పడవలు నాశనమయ్యాయి.¹⁴"

పుస్తకం చివర 14వ నోటులో ముందు ఒక గ్రంథం పేరు, దాని పేజీ ఉంటాయి. ఆ వెనకే, "ఈ లెక్క మీద అనుమానాలున్నాయి, 1789 ఉప్పెన వివరాలతో పోల్చి చూడాలి" అని ఒక వాక్యం ఉంటుంది. రచయిత జాగ్రత్తగానే రాశాడు, కానీ ఆ జాగ్రత్త పాఠకుడికి అందదు. నూటికి తొంభై మంది చివరికి వెళ్ళరు. పైగా ఇప్పుడు పుస్తకం పుస్తకంగా తిరగడం తక్కువ. ఎవరో ఆ పేజీని ఫోన్లో ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెడతారు. 3 లక్షల సంఖ్య మాత్రం ఊరూరా తిరుగుతుంది, దాని మీద ఉన్న అనుమానం పుస్తకంలోనే ఉండిపోతుంది. వ్యాఖ్య అదే పేజీలో ఉండాలని నేను పట్టుబట్టడానికి పెద్ద కారణం ఇదే. ఫోటో తీస్తే ఫుట్‌నోట్ కూడా అందులో పడుతుంది.

అయితే 14వ నోటును ఉన్నదున్నట్టు కిందకి దించితే సరిపోదు. పైన ఒక మాటను ఖాయంగా చెప్పేసి, కింద చిన్న అక్షరాల్లో దాన్ని వెనక్కి తీసుకోవడం పాఠకుణ్ణి మోసం చేయడమే. అనుమానం ఉన్నదన్న మాట మూలపాఠంలోనే, ఒక్క ముక్కలోనైనా సరే, ఉండి తీరాలి. ఎందుకు అనుమానం అన్నది ఫుట్‌నోట్‌లోకి వెళ్తుంది. ఎక్కడ చదివామన్నది చివరకు వెళ్తుంది. అలా మూడు చోట్లకు పంచితే ఆ పేరా ఇలా మారుతుంది:

"1839 నవంబరు 25న వచ్చిన తుపానులో ఉప్పెన కోరంగిని ముంచేసింది. 3 లక్షల మంది చనిపోయారని, 20 వేల ఓడలు, పడవలు నాశనమయ్యాయని చాలాచోట్ల రాశారు;¹⁴ ఈ లెక్కలను నేను ఖాయమని తీసుకోవడం లేదు.∗"

పేజీ కింద: "∗ ఒక రేవు పట్టణానికి, దాని చుట్టుపక్కల ఊళ్ళకు 3 లక్షల చావులు అన్నది చాలా పెద్ద లెక్క. 1789లో కూడా కోరంగి మీద ఉప్పెన విరుచుకుపడింది. అప్పుడు చనిపోయినవారు 20 వేలని చెబుతారు. 1839 పడవల లెక్కలోనూ అదే 20 వేలు కనిపిస్తుంది. రెండు సంఘటనల వివరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉండవచ్చు."

చివరి 14వ నోటులో ఇక గ్రంథం పేరు, ముద్రణ సంవత్సరం, పేజీ మాత్రమే మిగులుతాయి. ఫుట్‌నోట్‌లో "ఉండవచ్చు" అన్న మాటను గమనించండి. ఆ రెండు లెక్కలు కలిసిపోయాయని రచయిత నిరూపించలేదు. ఎక్కడ అనుమానం తగులుతుందో చూపించి ఆగాడు. వ్యాఖ్య అంతవరకే వెళ్ళాలి. ఇంకో చిన్న సంగతి: అంకె, నక్షత్రం రెండూ ఒకేచోట పక్కపక్కన పడకూడదు. అందుకే అంకెను "రాశారు" దగ్గర, నక్షత్రాన్ని వాక్యం చివర పెట్టాను. అలాగే నోటు అంకెను ఎప్పుడూ సంవత్సరం పక్కన గానీ కొలత పక్కన గానీ వేయకూడదు. 1839 మీద 14 వేస్తే అది లెక్కల పుస్తకంలో ఘాతంలా కనిపిస్తుంది. ఒక మాట దాటాక, విరామచిహ్నం తర్వాత వేయాలి.

వ్యాఖ్య రాయడం మొదలుపెట్టాక ఆపడం కష్టం. సేకరించిన ప్రతిదీ ఎక్కడో ఒకచోట పెట్టాలనిపిస్తుంది, పేజీ అడుగు ఖాళీగా కనిపిస్తుంది. దీనికి కొలత మన దగ్గరే ఉంది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథ సూరి, మన తెలుగువాడే, తన పద్ధతిని ఒక్క ముక్కలో చెప్పుకున్నాడు: "నామూలం లిఖ్యతే కించిత్, నానపేక్షితముచ్యతే." ఆధారం లేనిది ఏదీ రాయను, అక్కర్లేనిది ఏదీ చెప్పను అని. మొదటి సగాన్ని మన ఎండ్‌నోట్లు నిలబెట్టాలి, రెండో సగాన్ని మన ఫుట్‌నోట్లు నిలబెట్టాలి. మొదటిది మనవాళ్ళు శ్రద్ధగానే పాటిస్తారు. చేయి జారేది రెండోది.

కోరంగి పేరానే తీసుకోండి. తుపానులకు ఇంగ్లిష్‌లో సైక్లోన్ అన్న పేరు పెట్టింది హెన్రీ పిడింగ్టన్, కలకత్తాలో ఉండి 1840ల్లో ఆ పని చేశాడు. బంగాళాఖాతం తుపానుల మీద ఆయన చేసిన పని పెద్దది. ఈ సంగతి తెలిసిన రచయితకు కోరంగి పేజీలో దాన్ని చెప్పాలని చేతులు లాగుతాయి. కానీ ఆ వాక్యం చదివే పాఠకుడి మనసులో ఉన్న ప్రశ్న "అంతమంది నిజంగా పోయారా?" అన్నది. "ఆ పేరు ఎవరు పెట్టారు?" అన్నది కాదు. సరిగ్గా ఆ వాక్యం దగ్గర పాఠకుడికి పుట్టే ప్రశ్నకు జవాబు చెబితేనే ఆ నోటు ఉండాలి. రచయితకు ముచ్చట వేసిన సంగతి అయితే తీసేయాలి. నోటు లేకుండా పేరా చదివి చూడండి. అర్థం తప్పుతోందంటే ఆ సంగతి మూలపాఠంలోకి రావాలి. అర్థం నిలిచి ఉండి, ఒక ప్రశ్న మాత్రం మిగిలిపోతోందంటే అదే ఫుట్‌నోట్ చోటు. ఏ ప్రశ్నా మిగలకపోతే నోటు అక్కర్లేదు.

పాఠకుడెవరన్నదాన్ని బట్టి కూడా ఇది మారుతుంది. వరదల అధ్యాయంలో "1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది" అని రాసి, రెండు వాక్యాల తర్వాత "ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక" అని రాస్తాం. గట్టు పక్కన పుట్టినవాడికి ఇందులో సందేహం రాదు. హైదరాబాదులో పెరిగిన మనవరాలికి మాత్రం 75 దగ్గర ఉన్న ఏరు 17కి ఎలా వచ్చిందో అర్థం కాదు. రెండు చోట్లా కొలబద్దలు వేరు, ఒక్కోదాని సున్నా ఒక్కో ఎత్తులో ఉంటుంది. భద్రాచలం దగ్గర మూడో హెచ్చరికే 53 అడుగులు. ఈ రెండు వాక్యాలూ ఫుట్‌నోట్‌కి తగినవి. తెలిసినవాడు దాటేసి పోతాడు, తెలియనివాడు ఆగి చదువుకుంటాడు. అదే మూలపాఠంలో పెడితే ఊరివాళ్ళకు పాఠం చెబుతున్నట్టు ఉంటుంది. అయితే ఇలాంటి వివరణ మొదటిసారి వచ్చినచోట ఒక్కసారే ఇవ్వాలి. పుస్తకం నిండా వచ్చే లంక, పాయ, లాకు లాంటి మాటలకు ప్రతిసారీ నక్షత్రం వేయకుండా చివర ఒక పదాల పట్టిక పెట్టుకోవడం మేలు.

పెద్దవాళ్ళు చెప్పిన మాటల దగ్గర ఆధారం, వ్యాఖ్య మరీ చిక్కుపడిపోతాయి. వరదనీళ్ళు రామాలయం మెట్లదాకా వచ్చాయని ఇద్దరు పెద్దలు చెప్పారనుకుందాం. ఒకాయన 1953 వరదలో అంటారు, ఇంకొకాయన 1986లో అంటారు. రెండూ నిజంగా పెద్ద వరదలే. ఎవరు చెప్పారు, ఏ ఊళ్ళో, ఏ తేదీన మాట్లాడారు అన్నది ఆధారం, చివరకు పోతుంది. రచయిత ఒక సంవత్సరాన్ని ఎలా ఎంచుకున్నాడన్నది వ్యాఖ్య. రెండో ఆయన మాటల మధ్యలో, కొత్త బ్యారేజీ మీద బస్సులు తిరుగుతున్న రోజులవి అన్నారనుకోండి. ధవళేశ్వరం దగ్గర కాటన్ కాలం నాటి పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ 1982కి పూర్తయింది. కాబట్టి ఆయన చూసింది 1986 వరద అయి ఉండాలి. ఆ తర్కం రెండు వాక్యాల్లో పేజీ కింద ఉండాలి, 1953 అన్న ఆయన మాట కూడా అక్కడే ఉండాలి. ఆ పెద్దాయన మనవలు పుస్తకం కొంటారు. వాళ్ళ తాత చెప్పింది ఎందుకు పక్కన పెట్టామో వాళ్ళకు అదే పేజీలో కనిపించడం న్యాయం. దాన్ని 190వ పేజీలో 63వ నంబరు వెనక దాచకూడదు.

ఈ పద్ధతి అన్ని రాతలకూ వర్తించదు. థీసిస్‌కీ, పరిశోధన పత్రికకు పంపే వ్యాసానికీ అన్నీ ఫుట్‌నోట్లే కావాలి, లేదా ఆ పత్రిక ఏ పద్ధతి అడిగితే అది. అక్కడ చదివేవాడి పనే ఆధారాలు సరిచూడటం. వాణ్ణి చివరికీ ముందుకీ తిప్పడం అన్యాయం. అక్కడ హ్యూమ్ మాటే సరైనది. కథలకూ, అనువాదాలకూ పేజీ కింద గీత గీసి వివరణ పెడితే కథ విరుగుతుంది. అవసరమైతే చివర, అది కూడా పేజీ నంబరు, అక్కడి రెండు మాటలు ఇచ్చి, మూలపాఠంలో ఏ గుర్తూ లేకుండా పెట్టవచ్చు. ఇక మామూలు పాఠకుడు రెండు రకాల గుర్తులు చూసి బెదిరిపోతాడన్న అభ్యంతరం నేను తరచు వింటాను. టీకా తాత్పర్యాలతో శతకాలు చదువుకున్నవాళ్ళం మనం. పైన పద్యం, కింద వివరణ మనకు చిన్నప్పటి నుంచి అలవాటే. పేజీ కింద వ్యాఖ్యకు బెదరరు. బెదిరేది ప్రతి వాక్యం చివరా అంకెలు కుప్పపోసినప్పుడు.

డీటీపీ ఆయన చెప్పిన ఇబ్బంది మాత్రం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయలేం. తెలుగు పుస్తకాల పని ఇప్పటికీ చాలాచోట్ల పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో జరుగుతోంది. పేజ్‌మేకర్‌కు ఫుట్‌నోట్లు తనంతట తాను పెట్టడం రాదు. ఆపరేటర్ పేజీ అడుగున విడిగా ఒక పెట్టె గీసి, అందులో నోటు పెడతాడు. తర్వాత ప్రూఫులో మీరు నాలుగు లైన్లు కలిపితే నక్షత్రం ఉన్న వాక్యం పక్క పేజీకి జారుతుంది, నోటు మాత్రం పాత పేజీలోనే ఉండిపోతుంది. వర్డ్‌లో `Alt+Ctrl+F` నొక్కి ఫుట్‌నోట్, `Alt+Ctrl+D` నొక్కి ఎండ్‌నోట్ పెట్టుకుంటాం. రెండింటికీ వేర్వేరు గుర్తులు ఎంచుకోవచ్చు. రాసుకునేటప్పుడు అది హాయిగా ఉంటుంది. కానీ ఆ ఫైల్లోని పాఠాన్ని కాపీ చేసి అను ఫాంట్‌లోకి మార్చే కన్వర్టర్‌లో అతికిస్తే నోట్సు వెంట రావు.

అందుకని సొంతంగా అచ్చు వేయించుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇది. ఆపరేటర్‌కు ఇచ్చే ప్రతిలో ఫుట్‌నోట్‌ను ఆ వాక్యం వెనకే జంట బ్రాకెట్లలో పెట్టండి:

```
...ఖాయమని తీసుకోవడం లేదు. [[ఫు: ఒక రేవు పట్టణానికి...]]
```

మొదటి రెండు ప్రూఫులూ నోటు అలా వాక్యం మధ్యలో ఉండగానే దిద్దండి. దిద్దుబాట్లన్నీ అయిపోయాక ఆపరేటర్ మొదటి పేజీ నుంచి వరసగా ఒక్కో నోటును తీసి కింద పెట్టుకుంటూ వస్తే, పని ఒక్కసారితో పోతుంది. ఆ తర్వాత మూలపాఠంలో లైను మారే దిద్దుబాటు చేయకూడదు. ఈ పనికి అదనంగా డబ్బు అడుగుతారు, ఇవ్వాల్సిందే. వ్యాఖ్యలను మాత్రమే కింద పెడుతున్నాం కాబట్టి ఆ పని తగ్గుతుంది కూడా. రెండు వందల ఆధారాలు చివరకు పోతే, కింద పెట్టాల్సినవి ఏ ముప్పైయో నలభైయో ఉంటాయి. ఇన్‌డిజైన్ వాడే ఆపరేటర్ దొరికితే ఈ తిప్పలు చాలావరకు ఉండవు, అందులో ఫుట్‌నోట్ వాక్యంతో పాటే కదులుతుంది.

అక్షరాల సైజు దగ్గర ఇంగ్లిష్ పుస్తకాలను చూసి పోకండి. వాళ్ళు ఫుట్‌నోట్‌ను 8 పాయింట్లకు దించినా చదవొచ్చు. తెలుగులో ఆ సైజుకు వత్తులు అలుక్కుపోతాయి. క్ష్మ, స్త్ర లాంటివి మచ్చల్లా తేలతాయి. మూలపాఠం 12 లేదా 13 పాయింట్లు ఉంటే నోటు 10కి తగ్గకూడదు. దానివల్ల నోటు ఎక్కువ చోటు తీసుకుంటుంది. అదీ మంచిదే, పొడుగు నోట్లు వెంటనే బయటపడతాయి. పేజీలో మూడోవంతు మించిన ఫుట్‌నోట్ పక్క పేజీలోకి కారుతుంది, పాఠకుడికి దారి తప్పుతుంది. అలాంటిది కనిపిస్తే అది అసలు నోటు కాదు. అయితే మూలపాఠంలో ఒక పేరాగా కలపాలి, లేదంటే పుస్తకం వెనక అనుబంధంగా పెట్టాలి.

చివర పెట్టే ఆధారాలకూ ఒక ఏర్పాటు కావాలి. ప్రతి అధ్యాయంలోనూ నంబర్లు ఒకటి నుంచి మొదలైతే, చివరికి వెళ్ళిన పాఠకుడికి 14లు ఏడెనిమిది కనిపిస్తాయి. తాను చదువుతున్నది ఎన్నో అధ్యాయమో ఎవరికీ గుర్తుండదు. ఆధారాల పేజీల పైభాగాన "47 నుంచి 61 పేజీల ఆధారాలు" అని వేయిస్తే, చేతిలో ఉన్న పేజీ నంబరును బట్టి నేరుగా వెళ్ళిపోవచ్చు. ఆ పేజీ నంబర్లు కూడా ఫుట్‌నోట్లు కింద పడ్డాకే ఖాయమవుతాయి కాబట్టి ఈ పేజీ శీర్షికలు ఆఖరున వేయించండి. అచ్చుకు ఇచ్చే ముందు మాత్రం ఒకరు మూలపాఠాన్ని, ఇంకొకరు పేజీ అడుగును పట్టుకుని కూర్చోవాలి. పైన నక్షత్రం ఉన్న ప్రతి పేజీలో కింద నోటు ఉందా, కింద నోటు ఉన్న ప్రతి పేజీలో పైన నక్షత్రం ఉందా అని రెండు వైపుల నుంచీ చూడాలి. ఒక వైపు నుంచే చూస్తే జారిపోయిన నోటు దొరకదు.